సేల్స్‌మెన్‌కి స్లాబుల కమీషన్: నెల అమ్మకాల నుంచి లెక్క ఎలా తీయాలి, రిటర్నులు ఎక్కడ తీసేయాలి

ప్రశ్న: విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఆరుగురు సేల్స్‌మెన్ లైన్ మీద తిరుగుతారు. నెల అమ్మకం 3 లక్షల వరకు 0.5 శాతం, 6 లక్షల వరకు 1, 10 లక్షల వరకు 1.5, ఆపైన 2.5 శాతం కమీషన్ అని మా ఓనర్ చెప్పారు. టాలీ నుంచి ఎక్సెల్‌లోకి తీసుకుని IF ఫార్ములా పెట్టాను. పోయిన నెల మచిలీపట్నం లైన్ అతనికి 5,98,000 అమ్మకం మీద 5,980 వచ్చింది. గుడివాడ లైన్ అతనికి 6,04,000 మీద 9,060 వచ్చింది. ఆఫీసులో పెద్ద గొడవైంది. పైగా ఈ నెల అమ్మిన సరుకు వచ్చే నెలలో వెనక్కి వస్తోంది, దాన్ని ఎలా తీసేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. సరైన పద్ధతి చెప్పగలరా?

సమాధానం:

మీ ఫార్ములా తప్పు కాదండి. ఓనర్ గారు చెప్పిన మాటకు రెండు అర్థాలున్నాయి, మీ IF అందులో ఒకటి పట్టుకుంది. అమ్మకం 6 లక్షలు దాటగానే మొత్తం అమ్మకానికి 1.5 శాతం కట్టడం ఒక అర్థం. 6 లక్షలు దాటిన భాగానికి మాత్రమే 1.5 శాతం కట్టి, కింది భాగాలకు కింది రేట్లే ఉంచడం రెండో అర్థం. ఆదాయపు పన్ను స్లాబులు రెండో పద్ధతిలోనే నడుస్తాయి. పై స్లాబులోకి వెళ్లినంత మాత్రాన కింది ఆదాయం మీద రేటు మారదు.

మొదటి పద్ధతిలో గీత దగ్గర గోడ లేస్తుంది. మీ ఇద్దరి అమ్మకాల మధ్య తేడా 6,000, కమీషన్ల మధ్య తేడా 3,080. అంటే ఆ చివరి 6,000 అమ్మకం మీద సగానికి పైగా కమీషన్‌గా ఇచ్చారు. స్విచ్‌లు, వైర్ల హోల్‌సేల్‌లో ఏ ఏజెన్సీకీ అంత మార్జిన్ ఉండదు. మచిలీపట్నం అతని కోపంలో న్యాయం ఉంది. ఓనర్‌కీ ఇందులో నష్టమే ఉంది, అది ఆయనకు ఇంకా కనపడి ఉండకపోవచ్చు. నెలాఖరున 5,90,000 దగ్గర ఆగిన సేల్స్‌మ్యాన్ తెలిసిన షాపు దగ్గరికి వెళ్లి, "ఒక 15,000 సరుకు దించుకో అన్నా, పోకపోతే తర్వాత తీసుకెళ్తా" అంటాడు. మీరు అడిగిన రెండో సమస్య, వచ్చే నెల రిటర్నులు, చాలావరకు ఇక్కడే పుడుతుంది. రెండు ప్రశ్నలకీ మూలం ఒకటే కాబట్టి సమాధానం కూడా కలిపే చెప్తాను.

రెండో పద్ధతికి మారండి. కానీ అవే రేట్లతో మారకండి. చాలా ఏజెన్సీల్లో కొత్త స్కీమ్ పెట్టిన నెలలోనే సేల్స్‌మెన్ ఎదురు తిరగడానికి కారణం ఇదే. ఆరుగురి నెల అమ్మకాలు ఇలా ఉన్నాయనుకుందాం. మీరు చెప్పిన రెండూ అలాగే ఉంచి, మిగతా నాలుగు నేను వేశాను.

| లైన్ | నెల అమ్మకం | ఇప్పటి పద్ధతి | భాగాల పద్ధతి, పాత రేట్లు | భాగాల పద్ధతి, కొత్త రేట్లు |
|---|---|---|---|---|
| టౌన్ | 11,20,000 | 28,000 | 13,500 | 25,050 |
| తిరువూరు | 7,60,000 | 11,400 | 6,900 | 13,050 |
| గుడివాడ | 6,04,000 | 9,060 | 4,560 | 8,370 |
| మచిలీపట్నం | 5,98,000 | 5,980 | 4,480 | 8,210 |
| నూజివీడు | 4,20,000 | 4,200 | 2,700 | 4,650 |
| నందిగామ | 2,75,000 | 1,375 | 1,375 | 2,063 |
| మొత్తం | 37,77,000 | 60,015 | 33,515 | 61,393 |

నాలుగో కాలమ్ చూడండి. రేట్లు ముట్టుకోకుండా పద్ధతి ఒక్కటే మారిస్తే మొత్తం కమీషన్ 60,015 నుంచి 33,515కి పడిపోతుంది. టౌన్ అతనికి సగం కూడా రాదు. ఓనర్‌కి ఇది లాభంగా కనిపించవచ్చు, కానీ మీ బెస్ట్ సేల్స్‌మ్యాన్ తన షాపులన్నిటినీ వెంటబెట్టుకుని పక్క ఏజెన్సీకి వెళ్లిపోతాడు. అందుకే పద్ధతి మార్చేటప్పుడు రేట్లు పెంచాలి. ఎంత పెంచాలన్నది ఊహతో తేల్చకూడదు. గత ఆరు నెలల అమ్మకాలు పెట్టుకుని, మొత్తం చెల్లింపు పాతదానికి దగ్గరగా వచ్చేదాకా రేట్లు కదపాలి. ఒక్క నెల చాలదు. పండుగల ముందు నెలా వర్షాకాలం నెలా ఒకలా ఉండవు.

పై పట్టికలో చివరి కాలమ్‌కి నేను వాడిన రేట్లు ఇవి: 3 లక్షల వరకు 0.75 శాతం, 3 నుంచి 6 లక్షల భాగానికి 2 శాతం, 6 నుంచి 10 లక్షల భాగానికి 3, ఆపై భాగానికి 4. మొత్తం 61,393 వచ్చింది, పాతదానికన్నా 1,378 ఎక్కువ. గుడివాడకీ మచిలీపట్నానికీ తేడా ఇప్పుడు 160 మాత్రమే. 6,000 అమ్మకం తేడాకు అది సబబు.

4 శాతం అనగానే ఓనర్ ఉలిక్కిపడతారు. అది 10 లక్షల పైభాగానికే అని కాగితం మీద చూపించండి. టౌన్ అతనికి వచ్చిన 25,050 అతని మొత్తం అమ్మకంలో 2.24 శాతమే, ఇప్పుడు ఇస్తున్న 2.5 కన్నా తక్కువ. అయితే ఒక హద్దు తప్పకుండా చూసుకోవాలి. పై స్లాబు రేటు మీ ఏజెన్సీ మార్జిన్‌ని మింగేయకూడదు. కొన్ని వైర్ బ్రాండ్ల మీద మీకు మిగిలేదే 4, 5 శాతమైతే, ఆ బ్రాండ్‌ని ఈ స్కీమ్ నుంచి తీసేసి దానికి వేరే చిన్న రేటు పెట్టాలి. రాగి ధర పెరిగినప్పుడు వైర్ బిల్లు విలువ దానంతటదే పెరుగుతుంది, సేల్స్‌మ్యాన్ ఒక్క కాయిల్ ఎక్కువ అమ్మకుండానే స్లాబు దాటేస్తాడు. వైర్‌ని విడదీయడానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం.

ఇక ఎక్సెల్. IF మీద IF పేర్చకండి. స్లాబులు మారిన ప్రతిసారీ ఫార్ములా తెరిచి దిద్దాల్సి వస్తుంది, ఆ దిద్దుడు ఒక అడ్డవరుసలో జరిగి ఇంకోదాంట్లో జరగదు. `Slabs` అని ఒక షీట్ పెట్టి, A కాలమ్‌లో స్లాబు మొదలయ్యే మొత్తం, B లో ఆ భాగం రేటు, C లో కింది స్లాబుతో పోలిస్తే పెరిగిన రేటు రాయండి.

```
A          B        C
0          0.75%    0.75%
300000     2.00%    1.25%
600000     3.00%    1.00%
1000000    4.00%    1.00%
```

మొదటి అడ్డవరుస శీర్షికలకు వదిలితే ఈ అంకెలు A2 నుంచి C5 వరకు ఉంటాయి. C2 లో `=B2`, C3 లో `=B3-B2` అని పెట్టి కిందికి లాగండి. చేత్తో కొట్టకండి.

C కాలమ్ ఎందుకో గుడివాడ లెక్కలో చూడండి. అమ్మకం 6,04,000. మొత్తం 6,04,000 మీద 0.75 శాతం అంటే 4,530. 3 లక్షలు దాటిన 3,04,000 మీద ఇంకో 1.25 శాతం అంటే 3,800. 6 లక్షలు దాటిన 4,000 మీద ఇంకో 1 శాతం అంటే 40. మూడూ కలిపితే 8,370. భాగాలుగా విడగొట్టి చేసినా ఇదే వస్తుంది: 2,250, 6,000, 120. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చిందంటే మీ C కాలమ్ సరిగ్గా ఉన్నట్టు. ఈ లెక్కనే ఒకే ఫార్ములాలో రాస్తే `SUMPRODUCT` అవుతుంది. దాన్ని కాసేపట్లో ఇస్తాను, దానికన్నా ముందు లోపలికి వెళ్లే అమ్మకం అంకె శుభ్రంగా ఉండాలి.

ముందుగా జీఎస్టీ. కమీషన్ ఎప్పుడూ టాక్సబుల్ వాల్యూ మీదే లెక్కించాలి, బిల్లు మొత్తం మీద కాదు. జీఎస్టీ ప్రభుత్వానికి కట్టేది, ఏజెన్సీ అమ్మకం కాదు. స్లాబులున్న చోట ఈ పొరపాటు 18 శాతంతో ఆగదు. మచిలీపట్నం 5,98,000ని 18 శాతం పన్నుతో కలిపి తీసుకుంటే 7,05,640 అవుతుంది. అది పై స్లాబులోకి దూకుతుంది, కమీషన్ 8,210 బదులు 11,419 అవుతుంది. అమ్మకం అంకె 18 శాతం ఉబ్బితే కమీషన్ 39 శాతం ఉబ్బింది. టాలీ నుంచి సేల్స్ రిజిస్టర్ ఎగుమతి చేసేటప్పుడు మీరు తీసుకుంటున్నది ఏ కాలమో ఒకసారి చూసుకోండి. స్కీమ్ డిస్కౌంట్ బిల్లులోనే తీసేస్తే టాక్సబుల్ వాల్యూ ఎలాగూ తగ్గి వస్తుంది, దాన్ని మళ్లీ తీయకండి.

ఇప్పుడు రిటర్నులు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే చాలా ఆఫీసుల్లో చేసే సులువు పని తప్పు ఫలితం ఇస్తుంది. క్రెడిట్ నోట్ ఏ నెలలో వచ్చిందో ఆ నెల అమ్మకంలోంచి తీసేయడం ఆ సులువు పని. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. స్లాబుల్లో మాత్రం కాదు.

కొత్త రేట్లు నడుస్తున్నాయనుకోండి. తిరువూరు అతను జులైలో 7,60,000 అమ్మాడు, 13,050 కమీషన్ తీసుకున్నాడు. అందులో 1,80,000 సరుకు ఆగస్టు 6న వెనక్కి వచ్చింది. ఆగస్టులో అతను కొత్తగా అమ్మింది 4,50,000. సులువు పద్ధతిలో ఆగస్టు నికరం 2,70,000, కమీషన్ 2,025. రెండు నెలలకు కలిపి 15,075.

నిజానికి ఆ 1,80,000 జులైలో నిలవని అమ్మకం. దాన్ని జులైలోంచి తీస్తే జులై నికరం 5,80,000, కమీషన్ 7,850. ఆగస్టు 4,50,000కి 5,250. రెండూ కలిపి 13,100. సులువు పద్ధతిలో 1,975 ఎక్కువ వెళ్లిపోయింది. ఎందుకంటే వెనక్కి వచ్చిన సరుకులో ఎక్కువ భాగానికి జులైలో 3 శాతం ఇచ్చారు, ఆగస్టులో మాత్రం దాన్ని 2 శాతం, 0.75 శాతం భాగాల్లోంచి కోశారు. ఇది తెలిసిన సేల్స్‌మ్యాన్ ఒక నెల ఎక్కించడం, మరో నెల దించడం అలవాటు చేసుకుంటాడు. రెండు నెలల అమ్మకం ఒకటే, కమీషన్ మాత్రం పెరుగుతుంది.

దీని ఎదురు కూడా జరుగుతుంది, అది సేల్స్‌మ్యాన్‌కి అన్యాయం. జులైలో తక్కువ అమ్మి, ఆగస్టులో కష్టపడి 10 లక్షలు దాటిన మనిషికి జులై రిటర్నుని ఆగస్టులో కోస్తే, 0.75 శాతం ఇచ్చిన సరుకుకి 4 శాతం వెనక్కి లాగినట్టవుతుంది. కాబట్టి ఈ నియమం ఎవరికీ వ్యతిరేకం కాదు: సరుకు ఏ నెల బిల్లుదైతే రిటర్ను ఆ నెలదే.

దీనికి కావాల్సిన సమాచారం మీ దగ్గర ఉండే ఉంటుంది. జీఎస్టీ క్రెడిట్ నోట్ మీద అసలు బిల్లు నంబర్, తేదీ రాయాలి. టాలీలో క్రెడిట్ నోట్ వేసేటప్పుడు వాటిని అడిగే గడులు ఉంటాయి. చాలామంది వాటిని ఖాళీగా వదిలేసి ఎంటర్ కొట్టుకుంటూ పోతారు. ఈ నెల నుంచి వదలొద్దని బిల్లింగ్ చేసే అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఒకే రిటర్నులో మూడు బిల్లుల సరుకు ఉంటే మూడు నోట్లు వేయడం మేలు.

`Data` షీట్‌ని ఇలా పెట్టుకోండి. A లో తేదీ, B లో బిల్లు లేదా క్రెడిట్ నోట్ నంబర్, C లో షాపు పేరు, D లో సేల్స్‌మ్యాన్ కోడ్, E లో టాక్సబుల్ వాల్యూ, క్రెడిట్ నోట్ అయితే మైనస్‌లో. G లో అసలు బిల్లు తేదీ, ఇది క్రెడిట్ నోట్లకు మాత్రమే. మధ్యలో F అనేది కమీషన్ నెల, దాన్ని ఫార్ములా తేల్చాలి:

```
=EOMONTH(IF(OR(G2="",A2-G2>90),A2,G2),-1)+1
```

మామూలు బిల్లుకి ఇది ఆ నెల 1వ తేదీ ఇస్తుంది. క్రెడిట్ నోట్‌కి అసలు బిల్లు నెల 1వ తేదీ ఇస్తుంది. 90 రోజులు దాటిన రిటర్నుని మాత్రం వచ్చిన నెలలోనే వేస్తుంది. ఎప్పటిదో సరుకు తిరిగొచ్చిందని ఏడాది కిందటి లెక్క తవ్వడం ఎవరికీ మంచిది కాదు. ఆ 90ని మీ ఓనర్ 60 చేసుకోవచ్చు, ఏదో ఒక గీత మాత్రం ఉండాలి. కంపెనీ లోపం వల్ల కాలిపోయి వచ్చిన బల్బులు, ఎల్‌ఈడీ డ్రైవర్లకు సేల్స్‌మ్యాన్ కమీషన్ కోయకూడదని నా అభిప్రాయం. వాటికి సరుకు బదులు సరుకు ఇచ్చేస్తారు కాబట్టి చాలావరకు క్రెడిట్ నోటే రాదు. వచ్చినా అలాంటి నోట్లకు D లో కోడ్ బదులు `CO` అని వేస్తే ఎవరి లెక్కలోకీ పోవు.

తర్వాత `Calc` షీట్. ఒక్కో మనిషికి ఒక్కో నెలకు ఒక అడ్డవరుస. A లో కోడ్, B లో నెల 1వ తేదీ, C లో 1 అనే అంకె (దాని సంగతి కింద చెప్తాను), D లో నికర అమ్మకం, E లో కమీషన్.

```
D2: =SUMIFS(Data!$E:$E,Data!$D:$D,$A2,Data!$F:$F,$B2)
E2: =ROUND(SUMPRODUCT((D2>Slabs!$A$2:$A$5*C2)*(D2-Slabs!$A$2:$A$5*C2)*Slabs!$C$2:$C$5),0)
```

`SUMPRODUCT` చేసేది పైన గుడివాడకి చేత్తో చేసిన లెక్కే. ఏ స్లాబు మొదలుని అమ్మకం దాటిందో చూసి, దాటినంత భాగాన్ని పెరిగిన రేటుతో గుణించి, అన్నీ కూడుతుంది. రౌండింగ్ చివర ఒక్కసారే చేయాలి, ప్రతి భాగానికీ చేస్తే రూపాయి అటూ ఇటూ అయి దానికీ ప్రశ్నలు వస్తాయి.

`Paid` షీట్‌లో ఇప్పటిదాకా నిజంగా చెల్లించినవి రాయండి: A లో కోడ్, B లో చెల్లించిన తేదీ, C లో మొత్తం. ఇది చేత్తో కొట్టిన అంకె అయి ఉండాలి, ఫార్ములా ఉండకూడదు. ఒకసారి ఇచ్చిన డబ్బు తర్వాత మారదు కదా. ఈ నెల ఇవ్వాల్సింది తేల్చేందుకు ఇంకో షీట్‌లో A కాలమ్‌లో ఒక్కో కోడ్ రాసి, పక్కన ఇది పెట్టండి:

```
=SUMIFS(Calc!E:E,Calc!A:A,A2)-SUMIFS(Paid!C:C,Paid!A:A,A2)
```

అంటే ఇప్పటిదాకా రావాల్సిన మొత్తంలోంచి ఇప్పటిదాకా ఇచ్చిన మొత్తం తీసేయడం. ఆగస్టు రిటర్ను ఎక్కించగానే `Calc` లో తిరువూరు జులై కమీషన్ 13,050 నుంచి 7,850కి దానంతటదే తగ్గుతుంది. దానికి ఆగస్టు 5,250 కలిపితే 13,100. ఇచ్చింది 13,050. ఇవ్వాల్సింది 50. పాత నెలల సవరణని విడిగా లెక్క కట్టాల్సిన పనే లేదు, అది ఈ తీసివేతలోనే సర్దుకుంటుంది.

ఈ అమరికలో ఒక ప్రమాదం ఉంది, మర్చిపోకండి. ఏడాది మధ్యలో ఓనర్ రేట్లు మార్చారని `Slabs` షీట్‌లో అంకెలు మారిస్తే, పాత నెలలన్నీ కొత్త రేట్లతో తిరగబడి అందరి బాకీలూ మారిపోతాయి. స్కీమ్ మారినప్పుడు కొత్త ఫైల్ మొదలుపెట్టండి. పాత ఫైల్‌ని 90 రోజుల రిటర్నుల కోసం తెరిచి ఉంచి, తర్వాత మూసేయండి.

ఇక ఆ 50 రూపాయల సంగతి. లెక్క సరైనదే, కానీ నెలంతా ఎండలో తిరువూరు లైన్ తిరిగిన మనిషి చేతిలో 50 పెడితే అతను లెక్కని నమ్మడు. అందుకే రావాల్సిన కమీషన్‌లో 80 శాతం ఆ నెల జీతంతో ఇచ్చి, 20 శాతం ఆపి, రెండు నెలల తర్వాత రిటర్నులు తేలాక ఇవ్వడం మంచిది. జులైలో అతనికి 13,050 బదులు 10,440 ఇచ్చి ఉంటే, ఆగస్టులో రెండు నెలల మొత్తం 13,100లో 80 శాతం, అంటే 10,480 దాకా ఇవ్వొచ్చు. చేతికి వచ్చేది 40 మాత్రమే అయినా, ఇంకో 2,620 అతని పేరున మీ దగ్గర నిల్వ ఉంటుంది. ఇంత పెద్ద రిటర్ను ప్రతి నెలా రాదు. మామూలు నెలల్లో 20,000, 30,000 రిటర్నులు ఆ నిల్వలోనే కలిసిపోతాయి, జీతం రోజున ఎవరికీ షాక్ ఉండదు. రిటర్ను మీద కమీషన్ వెనక్కి పోతుందన్న మాటా, 20 శాతం నిల్వ మాటా ఒక కాగితం మీద తెలుగులో రాసి, స్కీమ్ మొదలయ్యే ముందే అందరి సంతకాలు తీసుకోండి. తర్వాత చెబితే అది కోతలాగే వినిపిస్తుంది.

నెలాఖరు దించుడు జరుగుతోందో లేదో డేటాలోనే తెలుస్తుంది. ఒక పివట్ పెట్టి, ఒక్కో సేల్స్‌మ్యాన్‌కి నెల చివరి మూడు రోజుల బిల్లులు మొత్తం అమ్మకంలో ఎంత శాతమో చూడండి. పక్కనే వచ్చే నెల మొదటి పది రోజుల క్రెడిట్ నోట్లు పెట్టండి. చివరి మూడు రోజులు ఒక్కటే ఎక్కువ ఉంటే అనుమానించకండి, జీతాల రోజుల ముందు ఆర్డర్లు పెరిగే లైన్లు ఉంటాయి. రెండూ ఎక్కువుండి, రెండింట్లోనూ అవే షాపుల పేర్లు కనిపిస్తేనే మాట్లాడాలి. గోడ తీసేశాక ఆ ఆశ చాలా తగ్గుతుంది. 6 లక్షల గీత మీద 15,000 దించుకుంటే అతనికి అదనంగా వచ్చేది 450 మాత్రమే, అది కూడా రిటర్ను వస్తే పోతుంది.

ఇప్పుడు C కాలమ్‌లోని 1. ఎవరైనా నెల మధ్యలో చేరితే పూర్తి నెల స్లాబులు అతనికి వర్తింపజేయకూడదు. 16వ తేదీన చేరి, 30 రోజుల నెలలో 15 రోజులే పనిచేసిన మనిషి 4 లక్షలు అమ్మాడంటే, అది నెలకు 8 లక్షల వేగం. పూర్తి స్లాబులతో 4,250 వస్తుంది. C లో 0.5 పెడితే అతని స్లాబులు 1.5, 3, 5 లక్షలవుతాయి, కమీషన్ 7,125. అది న్యాయం. సెలవులకు మాత్రం ఇది వాడకండి, లేకపోతే ప్రతి సెలవుకీ బేరం మొదలవుతుంది. పది రోజులు దాటిన మెడికల్ లీవ్‌కి వాడొచ్చు. ఇంకొకరి లైన్ చూసినప్పుడు బిల్లు మీద ఎవరి కోడ్ పడాలో కూడా ముందే తేల్చుకోండి. ఆర్డర్ తెచ్చినవాడి కోడే పడాలన్నది నా సలహా.

వసూళ్ల గురించి మీరు అడగలేదు, కానీ ఎలక్ట్రికల్ లైన్‌లో అప్పు బిల్లే ఎక్కువ కాబట్టి ఒక్క మాట. బిల్లు తేదీ నుంచి 90 రోజులు దాటినా డబ్బు రాని బిల్లుని క్రెడిట్ నోట్‌లాగే `Data` లో మైనస్‌గా ఎక్కించండి, G లో అసలు తేదీ పెట్టి. A లో సరిగ్గా 90వ రోజు తేదీ వేయండి, అంతకన్నా దాటితే పై ఫార్ములా దాన్ని వేరే నెలలో పడేస్తుంది. డబ్బు వచ్చిన రోజున అదే A, G తేదీలతో ప్లస్‌గా తిరిగి ఎక్కించండి. కమీషన్ పోయినంతే తిరిగొస్తుంది, వసూలు మీద శ్రద్ధ కూడా పెరుగుతుంది.

చివరిగా, ప్రతి నెలా డబ్బు ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి. `Calc` లోని అమ్మకాల మొత్తం, `Data` లోని E కాలమ్ మొత్తం, టాలీలో సేల్స్‌లోంచి క్రెడిట్ నోట్లు తీసేసిన మొత్తం, మూడూ కలవాలి. వసూలు కాని బిల్లుల మైనస్‌లు, `CO` నోట్లు, కౌంటర్ అమ్మకాలు ఎంతో విడిగా రాసుకుంటే తేడాకి లెక్క చెప్పొచ్చు. అవి పోనూ తేడా ఉందంటే కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి. కోడ్ ఖాళీగా ఉన్న బిల్లు ఉండొచ్చు. కోడ్ చివర కనపడని స్పేస్ ఉండొచ్చు, అప్పుడు `S03` ఒకడు, స్పేస్‌తో ఉన్న `S03` ఇంకొకడు అవుతాడు. `TRIM` తో అది పోతుంది. లేదా అంకె టెక్స్ట్‌గా వచ్చి ఉండొచ్చు. `SUMIFS` టెక్స్ట్‌ని కూడదు, తప్పని కూడా చెప్పదు, మౌనంగా వదిలేస్తుంది. శీర్షిక వరుస వదిలి E కాలమ్ మీద `COUNT`, `COUNTA` రెండూ పెట్టి చూడండి. రెండూ ఒకటి కాకపోతే ఎక్కడో టెక్స్ట్ అంకె ఉన్నట్టు. తేదీలు టెక్స్ట్‌గా వస్తే F కాలమ్ తప్పు నెల చూపిస్తుంది లేదా ఎర్రర్ ఇస్తుంది. ముఖ్యంగా 05-08 లాంటి తేదీలు ఆగస్టు 5కి బదులు మే 8గా మారలేదని రెండు మూడు బిల్లులు తెరిచి చూసుకోండి.

సేల్స్‌మ్యాన్‌కి మొత్తం ఒక్కటే చెప్పకుండా చిన్న స్లిప్ ఇవ్వండి. ఈ నెల అమ్మకం, ఏ భాగానికి ఎంత రేటు, ఏ పాత బిల్లు రిటర్ను ఏ నెలలో తగ్గింది, ఇప్పటిదాకా ఇచ్చింది, నిల్వలో ఉన్నది. బిల్లు నంబర్‌తో సహా ఉంటే అతను తన ఆర్డర్ పుస్తకంతో సరిచూసుకుంటాడు. మీ దగ్గర తప్పు కోడ్ పడిన బిల్లుల్ని చాలాసార్లు మీకన్నా ముందు అతనే పట్టుకుంటాడు.

మొదలుపెట్టడానికి ఏప్రిల్ లేదా ఏదైనా త్రైమాసికం మొదటి నెల ఎంచుకోండి. పోయిన నెల మచిలీపట్నం అతని లెక్కని మాత్రం కొత్త పద్ధతిలో తిరగదోడకండి, ఒకరికి చేస్తే ఆరుగురికీ చేయాలి. అది పాత స్కీమ్ ప్రకారం ఇచ్చిందని చెప్పి, కొత్త స్లాబుల కాగితం అతనికే ముందు చూపించండి. ఆరు నెలల అంకెలతో రేట్లు కదిపి చూశాక మీకు ఏ రేట్ల దగ్గర మొత్తం కుదిరిందో ఇక్కడ రాస్తే, పై స్లాబు మీ మార్జిన్‌కి సరిపోతుందో లేదో కలిసి చూద్దాం.